టీఎఫ్-ఐడీఎఫ్‌లో అరుదైన మాటకు ఎక్కువ బరువు ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కర్నూలు, కడప కాలేజీల్లో తెలుగు టెక్స్ట్ మీద ప్రాజెక్టు చేసేవాళ్లు ఏటా దాదాపు ఇవే సందేహాలతో వస్తారు. ఒక మాట డాక్యుమెంటులో ఎన్నిసార్లు వచ్చిందో, మొత్తం సేకరణలో ఎంత అరుదో చూసి దానికి బరువు ఇచ్చే పద్ధతే టీఎఫ్-ఐడీఎఫ్. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కంటే అన్నీ ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు, వరసగా చదవాల్సిన పని లేదు. ఉదాహరణల్లో రైతుల సందేహాలకు రాసిన వెయ్యి చిన్న నోట్ల సేకరణ ఒకటి వస్తూ ఉంటుంది. అందులోని అంకెలు లెక్క అర్థం కావడం కోసం నేను ఊహించుకున్నవి.

## మొదలుపెట్టే ముందు

మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే చాలదా? మధ్యలో ఈ ఐడీఎఫ్ దేనికి?

ఒక రైతు "చీనీ పంట తెగులు" అని వెతికాడనుకుందాం. చీనీ అంటే బత్తాయి. మన దగ్గర వెయ్యి నోట్లు ఉన్నాయి. వాటిలో మూడింటిని చూద్దాం.

మొదటిది శెనక్కాయ తెగుళ్ల మీద రాసిన నోటు. అందులో "పంట" 6 సార్లు, "తెగులు" 3 సార్లు వచ్చాయి, "చీనీ" అసలు లేదు. రెండోది చీనీ చెట్లకు వచ్చే తెగులు గురించే. అందులో "చీనీ" 3 సార్లు, "పంట" ఒకసారి, "తెగులు" ఒకసారి ఉన్నాయి. మూడోది జిల్లా పంటల మీద పెద్ద నివేదిక. అందులో "పంట" 12 సార్లు ఉంది, "చీనీ" ఒక్కసారి ఎక్కడో తగిలింది, "తెగులు" లేదు.

ఉత్త లెక్కింపుతో మార్కులేస్తే నివేదికకు 13, శెనక్కాయ నోటుకు 9, రైతుకు నిజంగా కావాల్సిన చీనీ నోటుకు 5 వస్తాయి. అంటే సరైన జవాబు అన్నిటికంటే కిందికి పోయింది. కారణం "పంట" అనే మాట. వ్యవసాయం మీద రాసిన దాదాపు ప్రతి కాగితంలోనూ అది ఉంటుంది కాబట్టి, అది ఉందన్నంత మాత్రాన ఆ కాగితం గురించి మనకు కొత్తగా తెలిసేదేమీ లేదు.

ఐడీఎఫ్ ఈ పొరపాటును సరిచేస్తుంది. ఒక మాట ఎన్ని డాక్యుమెంట్లలో ఉందో చూసి, దాన్ని బట్టి దాని బరువు నిర్ణయిస్తుంది:

```
idf = log10(N / df)
score = tf × idf  (వెతికిన మాటలన్నిటికీ కలిపి)
```

ఇక్కడ N మొత్తం డాక్యుమెంట్ల సంఖ్య, df ఆ మాట ఉన్న డాక్యుమెంట్ల సంఖ్య, tf ఆ డాక్యుమెంటులో మాట ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క. మన వెయ్యి నోట్లలో "పంట" 800 నోట్లలో, "తెగులు" 200 నోట్లలో, "చీనీ" 20 నోట్లలో ఉన్నాయనుకుంటే, బరువులు వరసగా 0.097, 0.699, 1.699 అవుతాయి. ఇప్పుడు మార్కులు మళ్లీ వేద్దాం. చీనీ నోటుకు 3 × 1.699 + 0.097 + 0.699 = 5.893. నివేదికకు 12 × 0.097 + 1.699 = 2.863. శెనక్కాయ నోటుకు 6 × 0.097 + 3 × 0.699 = 2.679. చీనీ నోటు పైకి వచ్చింది. "పంట" పన్నెండు సార్లు వచ్చినా "చీనీ" ఒక్కసారి రావడానికి సాటి రాలేదని గమనించండి.

అరుదైన మాట అంటే తెలుగు భాషలోనే అరుదుగా వాడే మాటా?

కాదు. మీ చేతిలో ఉన్న సేకరణలో అరుదైన మాట. భాష మొత్తంలో ఎంత వాడుకలో ఉందన్నది ఐడీఎఫ్‌కు తెలియదు, అవసరమూ లేదు.

రకరకాల పంటల మీద ఉన్న వెయ్యి నోట్లలో "చీనీ" 20 నోట్లలో మాత్రమే ఉంటే దాని బరువు 1.699. అదే "చీనీ" తోటల మీద మాత్రమే రాసిన వెయ్యి నోట్లు పోగేస్తే, ప్రతి నోటులోనూ ఆ మాట ఉంటుంది. అప్పుడు log10(1000/1000) సున్నా. ఆ సేకరణలో "చీనీ" అని వెతకడమూ ఏమీ వెతకకపోవడమూ ఒకటే. అక్కడ "వేరుకుళ్లు", "బంక" లాంటి మాటలే ఒక నోటును ఇంకో నోటు నుంచి విడదీస్తాయి. అందుకే వేరేవాళ్ల సేకరణ మీద లెక్కగట్టిన ఐడీఎఫ్ బరువులు తెచ్చి మీ డాక్యుమెంట్లకు తగిలిస్తే ఫలితాలు తేడా కొడతాయి.

ఈ ఆలోచన ఎవరిది?

టీఎఫ్, అంటే ఒక డాక్యుమెంటులో మాట ఎన్నిసార్లు వచ్చిందన్నది దాని ప్రాముఖ్యానికి గుర్తు అన్న ఆలోచనను 1957లో ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ ముందుకు తెచ్చారు. ఐడీఎఫ్ బ్రిటిష్ శాస్త్రవేత్త కరెన్ స్పార్క్ జోన్స్‌ది. ఎక్కువ డాక్యుమెంట్లలో కనిపించే మాట వెతుకులాటకు తక్కువ పనికొస్తుందని, దానికి తగ్గట్టే బరువు తగ్గించాలని 1972లో ప్రచురించిన పత్రంలో ఆమె చూపించారు. వైవాలో ఈ ప్రశ్న అడుగుతుంటారు, ఇద్దరి పేర్లూ చెప్పండి.

## లెక్క వేసేటప్పుడు

డీఎఫ్ అంటే మాట మొత్తం ఎన్నిసార్లు వచ్చిందనా, ఎన్ని డాక్యుమెంట్లలో వచ్చిందనా?

ఎన్ని డాక్యుమెంట్లలో వచ్చిందన్నదే. ఒక డాక్యుమెంటులో నలభై సార్లు వచ్చినా ఒక్కసారే లెక్క.

ఈ తేడా చిన్నది కాదు. వెయ్యి నోట్లలో "పట్టు" అనే మాట ఒకే ఒక్క నోటులో నలభై సార్లు ఉందనుకోండి. ఇంకో మాట "బాగా", నలభై నోట్లలో ఒక్కొక్కసారి వచ్చింది. మొత్తం లెక్క రెండిటికీ నలభయ్యే. కానీ "పట్టు" ఒకచోటే గుమిగూడింది, అంటే ఆ నోటు పట్టుపురుగుల గురించో, పట్టు నేత గురించో అయ్యుంటుంది. "బాగా" ఎక్కడపడితే అక్కడ చల్లినట్టుంది. మొదటి దానికి డీఎఫ్ 1, ఐడీఎఫ్ 3. రెండో దానికి డీఎఫ్ 40, ఐడీఎఫ్ 1.398. విషయాన్ని చెప్పే మాటలు ఇలా గుంపుగా వస్తాయి, వాక్యాన్ని నిలబెట్టే మాటలు అంతటా పరుచుకుంటాయి. డాక్యుమెంట్లను లెక్కపెట్టడం వల్లే ఆ తేడా బయటపడుతుంది.

సొంతంగా కోడ్ రాసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే పొరబడతారు. ప్రతి డాక్యుమెంటులోని మాటలను `set` చేసి ఆ తర్వాత లెక్కపెట్టాలి.

```python
from collections import Counter
df = Counter()
for words in docs:
    df.update(set(words))
```

ఆ `set` మరిచిపోతే కొన్ని మాటలకు డీఎఫ్ N కంటే ఎక్కువై, లాగ్ రుణసంఖ్య అవుతుంది. మీ బరువుల్లో మైనస్ కనిపిస్తే ముందు ఈ లైను చూడండి.

లాగ్ ఎందుకు? Nను dfతో నేరుగా భాగిస్తే సరిపోదా?

నేరుగా భాగిస్తే అరుదైన మాట మరీ పెత్తనం చేస్తుంది. వెయ్యి నోట్లలో 800 నోట్లలో ఉన్న మాటకు 1.25, 200 నోట్లలో ఉన్న మాటకు 5, 20 నోట్లలో ఉన్న మాటకు 50 వస్తాయి. ఒకే నోటులో ఉన్న మాటకైతే ఏకంగా 1000. ఎవరో టైపింగ్‌లో తప్పు కొట్టిన మాట ఒకే నోటులో ఉంటుంది. దానికి వెయ్యి బరువు ఇస్తే మిగతా మాటలన్నీ కలిసినా దాన్ని దాటలేవు. లాగ్ తీస్తే ఆ వెయ్యి కాస్తా 3 అవుతుంది. అరుదైన మాటకు పైచేయి ఉంటుంది గానీ పెత్తనం ఉండదు.

ఇంకో కారణం కూడా ఉంది, నాకు అదే అసలు కారణమనిపిస్తుంది. "చీనీ" ఉన్న నోటు యాభైలో ఒకటి, "తెగులు" ఉన్న నోటు ఐదులో ఒకటి అనుకుందాం. ఈ రెండు మాటలకూ ఒకదానితో ఒకటికి సంబంధం లేకపోతే, రెండూ కలిసి ఉన్న నోటు 50 × 5, అంటే 250లో ఒకటి తగులుతుంది. అవకాశాలను గుణిస్తాం, కానీ మార్కులను మాత్రం కూడుతున్నాం. గుణకారాన్ని కూడికగా మార్చేది లాగే. log10(250) విలువ 2.398, అది సరిగ్గా 1.699, 0.699ల మొత్తం. కాబట్టి రెండు మాటల ఐడీఎఫ్‌లు కూడినప్పుడు, ఆ రెండూ కలిసి రావడం ఎంత అరుదో దాన్నే కొలుస్తున్నట్టు.

నిజానికి మాటలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రావు. "చీనీ" ఉన్నచోట "తోట" ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి ఈ లెక్క ఉజ్జాయింపే. అయినా వెతుకులాటలో ఈ ఉజ్జాయింపు బాగానే పనిచేస్తుంది.

లాగ్ ఏ బేస్‌లో తీయాలని కూడా అడుగుతారు. 10 అయినా, 2 అయినా, సహజ లాగ్ అయినా బరువులన్నీ ఒకే గుణకంతో పెరుగుతాయి లేదా తగ్గుతాయి. ఉత్త log(N/df) వాడినంతకాలం ర్యాంకుల వరస మారదు.

పొడవైన డాక్యుమెంటు ఊరికే గెలవదా?

ఏ సర్దుబాటూ లేకపోతే గెలుస్తుంది. పొడవు పెరిగేకొద్దీ ప్రతి మాటా ఎక్కువసార్లు వస్తుంది, వెతికిన అరుదైన మాట కూడా ఎక్కడో ఒకచోట తగులుతుంది. 1200 మాటల జిల్లా నివేదికలో "చీనీ" ఒక్కసారి, "పంట" పన్నెండు సార్లు ఉండి, ఐడీఎఫ్‌లు 1.699, 0.097 అయితే దాని స్కోరు 2.863. వంద మాటల చీనీ నోటు స్కోరు 5.893. ఐడీఎఫ్ వల్ల ఇక్కడ చిన్న నోటే నెగ్గింది గానీ, నివేదికలో "చీనీ" ఇంకో మూడుసార్లు వచ్చి ఉంటే 7.960 తెచ్చుకుని అదే పైకి వచ్చేది. పన్నెండు వందల మాటల్లో నాలుగుసార్లు రావడం పెద్ద విశేషం కాదు.

స్కోరును డాక్యుమెంటు పొడవుతో భాగించడం సులువైన మార్గం. వంద మాటలకు లెక్కేస్తే చీనీ నోటుకు 5.89, నాలుగు "చీనీ"లున్న నివేదికకు 0.66. పైథాన్ లైబ్రరీ సైకిట్-లెర్న్ చేసేది కొంచెం వేరు. డాక్యుమెంటులోని బరువులన్నిటినీ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీసి, దానితో ప్రతి బరువునూ భాగిస్తుంది. `norm="l2"` అన్నది ఇదే, మీరు అడగకపోయినా ఇది జరుగుతుంది.

ఇది అటువైపు కూడా తప్పు చేయగలదని గుర్తుంచుకోండి. ఒకే వాక్యం ఉన్న నోటులో "చీనీ" ఉంటే ఆ ఒక్క మాటకే దాదాపు బరువంతా పోతుంది. రెండు మూడు మాటల శీర్షికలు, ఖాళీ ఫారాలు మీ ఫలితాల్లో పైన వచ్చి కూర్చుంటే కారణం ఇదే. అలాంటివాటిని ముందే తీసేయండి.

చేత్తో వేసిన లెక్కకూ సైకిట్-లెర్న్ ఇచ్చే అంకెకూ పొంతన లేదు. నేను తప్పు చేశానా?

తప్పు చేయలేదు, సూత్రమే వేరు. అది మామూలుగా వాడేది ఇది:

```
idf = ln((1 + N) / (1 + df)) + 1
```

అన్ని మాటలూ ఉన్న డాక్యుమెంటు ఒకటి అదనంగా ఉన్నట్టు లెక్కేసుకుని పైనా కిందా 1 కలుపుతుంది. ఆఖరులో ఇంకో 1 కూడుతుంది. వెయ్యి నోట్లలో 20 నోట్లలో ఉన్న మాటకు 4.864, 800 నోట్లలో ఉన్న మాటకు 1.223 వస్తాయి.

అంకెలు వేరన్న సంగతి పక్కనపెట్టండి, చూడాల్సింది నిష్పత్తి. పుస్తకాల్లోని సూత్రంతో ఆ రెండు మాటల బరువులు 1.699, 0.097 కాబట్టి అరుదైన మాటది పదిహేడు రెట్లకు పైనే. సైకిట్-లెర్న్‌లో అదే తేడా నాలుగు రెట్లు మాత్రమే. పైగా ప్రతి డాక్యుమెంటులోనూ ఉన్న మాటకు పుస్తకం సున్నా ఇస్తే, ఇది 1 ఇస్తుంది. అంటే "ఉంది", "మరియు", "అని" లాంటి మాటలు ఇక్కడ పూర్తిగా మాయం కావు. ఆ చివరి 1 కావాలనే పెట్టారు, అన్ని డాక్యుమెంట్లలో ఉన్న మాటను పూర్తిగా వదిలేయకుండా ఉండటానికి. వర్గీకరణ పనుల్లో అది ఫర్వాలేదు. వెతుకులాటలో మాత్రం సాధారణ మాటలు మళ్లీ కొంచెం పైకి లేస్తాయి.

మీ లెక్కతో పోల్చి చూసుకోవాలంటే `smooth_idf=False, norm=None` అని ఇవ్వండి. అప్పుడు వచ్చేది ln(N/df) + 1.

ఒకే ఒక్క డాక్యుమెంటు ఉంటే ఐడీఎఫ్ తీయొచ్చా?

తీయొచ్చు గానీ అర్థం లేదు. ప్రతి మాటకూ N = 1, df = 1. log10(N/df)తో అన్నిటి బరువూ సున్నా అయి స్కోర్లన్నీ సున్నా అవుతాయి. సైకిట్-లెర్న్‌లో అన్నిటి బరువూ 1 అవుతుంది, మిగిలేది ఉత్త టీఎఫ్. పది డాక్యుమెంట్లున్నా పరిస్థితి అంత గట్టిది కాదు. ఒకదాంట్లో ఉన్న మాటకు 1, రెండింట్లో ఉన్న మాటకు 0.699. ఎవరో ఆ మాటను అనుకోకుండా ఇంకోచోట వాడితే బరువు మూడో వంతు మేర పడిపోతుంది.

## తెలుగు టెక్స్ట్ మీద నడిపేటప్పుడు

తెలుగు వాక్యాలు ఇస్తే స్కోర్లన్నీ సున్నాలు వస్తున్నాయి, మాటలు కూడా ముక్కలు ముక్కలుగా కనిపిస్తున్నాయి. ఏమైంది?

ఇది మన దగ్గర అందరికీ తగిలే దెబ్బ. ఐడీఎఫ్ దాకా పోకముందే, మాటలు విడగొట్టే చోటే పని చెడిపోతోంది.

సైకిట్-లెర్న్‌లోని `TfidfVectorizer` మాటలను విడగొట్టడానికి `(?u)\b\w\w+\b` అనే నమూనా వాడుతుంది. పైథాన్ దృష్టిలో `\w` అంటే అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్. మన గుణింతం గుర్తులు, పొల్లు, సున్న ఇందులోకి రావు. కాబట్టి ఎక్కడ గుణింతం ఉంటే అక్కడ మాట తెగిపోతుంది. తెగగా మిగిలిన ముక్కలో ఒకే అక్షరం ఉంటే దాన్ని పారేస్తుంది కూడా.

"చీనీ" తీసుకోండి. చ, దాని గుణింతం, న, దాని గుణింతం. ఒంటరిగా మిగిలిన చ, న రెండూ పోతాయి, మాటే ఉండదు. "పంట", "తెగులు" కూడా అంతే. "చీనీ పంట తెగులు" అని వెతికితే మిషన్‌కు అందేది ఖాళీ, అందుకే స్కోర్లన్నీ సున్నా. "కడప"లో గుణింతాలు లేవు కాబట్టి నిక్షేపంగా బయటపడుతుంది. "కర్నూలు" నుంచి "కర" ఒక్కటే మిగులుతుంది. "అనంతపురం" రెండు ముక్కలై "అన", "తప" అవుతుంది.

ఇంతకంటే ప్రమాదమైనది "ధర్మవరం". అది "ధర", "మవర" అని విరుగుతుంది. ఇప్పుడు ఎవరైనా "ధర" అని వెతికితే ధర్మవరం పేరున్న నోట్లన్నీ ధరల నోట్లతో కలిసి వస్తాయి. స్కోర్లు సున్నా కావు, చూడటానికి పద్ధతిగా ఉంటాయి, అందుకే తప్పు పట్టుకోవడం కష్టం.

ఇలా మార్చండి:

```python
vec = TfidfVectorizer(
    token_pattern=r"[\u0C00-\u0C7F\u200c]+")
X = vec.fit_transform(docs)
print(vec.get_feature_names_out()[:50])
```

తెలుగు యూనికోడ్ పరిధిలోని గుర్తులన్నిటినీ ఇది కలిపి ఉంచుతుంది. ఇంగ్లిష్ అక్షరాలు, 1, 2, 3 లాంటి అంకెలు మాత్రం పోతాయి. మందుల పేర్లు ఇంగ్లిష్‌లో ఉంటే `A-Za-z0-9` కూడా నమూనాలో చేర్చండి. ఏది చేసినా ఆ చివరి లైను నడిపి, మాటల పట్టికను కళ్లారా చూసిన తర్వాతే ముందుకు వెళ్లండి.

"ధర", "ధరలు", "ధరలకు" వేరువేరు మాటలుగా లెక్కలోకి వస్తున్నాయి. నష్టమా?

నష్టమే, అదీ ఐడీఎఫ్ మూలానికే తగిలే నష్టం. వెయ్యి నోట్లలో ఏదో ఒక రూపంలో "ధర" 400 నోట్లలో ఉందనుకుందాం. అది సాధారణ మాట, బరువు 0.398 ఉండాలి. కానీ "ధర" అని యథాతథంగా 150 నోట్లలో, "ధరలకు" అని 20 నోట్లలో ఉంటే, ఐడీఎఫ్ వాటిని వేరు మాటలుగా చూసి 0.824, 1.699 ఇస్తుంది. "ధరలకు" బరువు అచ్చంగా "చీనీ" బరువుతో సమానమైపోయింది! విషయంగా చూస్తే "ధరలకు"లో ఏ ప్రత్యేకతా లేదు. దాని అరుదుతనం ప్రత్యయం వల్ల వచ్చింది.

ఇంగ్లిష్ పాఠాలు చూసి వచ్చినవాళ్లకు ఇది వెంటనే తట్టదు. ఇంగ్లిష్‌లో మాట రూపాలు కొన్నే. మనకు లో, కి, కు, ని, తో, నుంచి, లు అన్నీ మాటకే అతుక్కుంటాయి, క్రియల సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి తెలుగులో అరుదైన మాటల పట్టిక తీస్తే అందులో ఎక్కువ భాగం మామూలు మాటల అరుదైన రూపాలే ఉంటాయి.

దీనికి రెండు దారులు వాడతారు. మొదటిది తరచూ వచ్చే ప్రత్యయాలను కత్తిరించడం. ఇది త్వరగా ఫలితం ఇస్తుంది గానీ గుడ్డిగా కోస్తే దెబ్బతింటాం. "లు" తీసేస్తే "కర్నూలు" కాస్తా "కర్నూ" అవుతుంది. అన్నిచోట్లా ఒకేలా కోస్తే అది పర్వాలేదు, ఎందుకంటే వెతికే మాట కూడా "కర్నూ"యే అవుతుంది. అసలు ఇబ్బంది రెండు మాటలు ఒకటైపోయినప్పుడు వస్తుంది. "మేలు" కోస్తే "మే" మిగులుతుంది, అది మే నెలతో కలిసిపోతుంది. పైగా "తెగులు" బహువచనం "తెగుళ్లు" కాబట్టి "లు" కోసినా ఆ రెండూ కలవవు.

రెండో దారి మాటలకు బదులు మాటలోని ముక్కలను లెక్కపెట్టడం.

```python
TfidfVectorizer(analyzer="char_wb",
                ngram_range=(3, 5))
```

"ధర", "ధరలు", "ధరలకు" మూడింటికీ మొదటి ముక్కలు ఉమ్మడిగా ఉంటాయి కాబట్టి కొంత బరువు పంచుకుంటాయి. "తెగులు", "తెగుళ్లు" కూడా కలుస్తాయి. 3, 5 అన్నవి యూనికోడ్ గుర్తుల లెక్క, మనం పలికే అక్షరాల లెక్క కాదు. "తెగులు" మనకు మూడు అక్షరాలు, కంప్యూటర్‌కు ఆరు గుర్తులు. అందుకే తెలుగుకు పై హద్దు కాస్త పెంచి 6 దాకా చూడటం మంచిది. ఈ పద్ధతిలో పట్టిక బాగా పెద్దదవుతుంది. ఏ మాట వల్ల మార్కులు వచ్చాయో చదివి చెప్పడం కూడా కష్టమవుతుంది. వర్గీకరణ ప్రాజెక్టుకు నేనైతే ఇదే ముందు ప్రయత్నించమంటాను. ఫలితం ఎందుకు పైకి వచ్చిందో వివరించాల్సిన పనైతే ప్రత్యయాల కోతే నయం.

ఒకే మాట రెండుసార్లు పట్టికలో కనిపిస్తోంది, స్పెల్లింగ్ కూడా ఒకటే. ఎలా?

చాలావరకు కంటికి కనబడని ఒక గుర్తు కారణం. "మార్కెట్‌లో" అని రాసేటప్పుడు ట్, లో కలిసిపోకుండా కొన్ని కీబోర్డులు మధ్యలో U+200C అనే గుర్తు పెడతాయి. అదే మాటకు ఒకచోట ఆ గుర్తు లోపల ఉండి, ఇంకోచోట చివర కూడా మిగిలిపోతే అవి రెండు మాటలవుతాయి, రెండిటికీ లేని అరుదుతనం వస్తుంది. `ascii(word)` వేసి చూడండి, దాక్కున్నది బయటపడుతుంది. మాటలు విడగొట్టే ముందే ఆ గుర్తును టెక్స్ట్ మొత్తం నుంచి తీసేయడం సులువు.

"బత్తాయి" అని వెతికితే "చీనీ" నోట్లు రావడం లేదు. బరువు పెంచితే వస్తాయా?

రావు. టీఎఫ్-ఐడీఎఫ్‌కు మాట ఉండటం, లేకపోవడం మాత్రమే తెలుసు, అర్థం తెలియదు. "బత్తాయి" లేని నోటులో దాని టీఎఫ్ సున్నా. సున్నాను ఎంతతో గుణించినా సున్నాయే.

మన జిల్లాల్లో ఇది చాలా మాటలకు వస్తుంది. ఎర్రగడ్డ, ఉల్లిగడ్డ, ఉల్లిపాయ ఒకటే. శెనక్కాయ, బుడ్డలు, వేరుశనగ ఒకటే. పైగా ఒకే వస్తువు మూడు పేర్ల మధ్య పంచుకోబడటంతో ఒక్కొక్క పేరూ ఉండాల్సిన దానికంటే అరుదుగా కనిపిస్తుంది. అధికారిక పత్రాల్లో "వేరుశనగ", రైతు అడిగిన మాటల్లో "శెనక్కాయ" ఉంటే రెండూ ఎప్పటికీ కలవవు. చేత్తో ఒక చిన్న పట్టిక రాసుకుని, ఐడీఎఫ్ లెక్కగట్టకముందే అన్నిటినీ ఒక పేరుకు మార్చండి. పంటల పేర్ల వరకు ఇది ఒక పూటలో అయ్యే పని, ఫలితాల్లో తేడా మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

## ఫలితాలు చూశాక

పై బరువులున్న మాటలన్నీ టైపింగ్ తప్పులు, మనుషుల పేర్లే. అరుదైనవి ముఖ్యమైనవి అన్నారు కదా?

అరుదైన మాట డాక్యుమెంట్లను విడదీయగలదు, అంతవరకే. అది ముఖ్యమైనదా కాదా అన్నది ఐడీఎఫ్ చెప్పదు. "వేరుకుళ్లు" అరుదైనదే, "వెరుకుల్లు" అన్న తప్పు ఇంకా అరుదైనది. నోటు చివర రాసిన మనిషి పేరు, ఫోన్ నంబరు, ఫైలు నంబరు కూడా అరుదైనవే.

వెతుకులాటలో ఇవి అంతగా హాని చేయవు, ఎందుకంటే ఆ తప్పును ఎవరూ వెతకరు. హాని జరిగేది డాక్యుమెంటు నుంచి ముఖ్యమైన మాటలు ఏరేటప్పుడు, డాక్యుమెంట్లను ఒకదానితో ఒకటి పోల్చేటప్పుడు. ఒకే మనిషి సంతకం చేసిన రెండు నోట్లు, ఒకటి చీనీ మీద, ఇంకోటి పత్తి మీద ఉన్నా, పేరు వల్లే దగ్గరివిగా తేలతాయి.

రెండు చివర్లనూ చూడటం అలవాటు చేసుకోండి:

```python
import numpy as np
names = vec.get_feature_names_out()
order = np.argsort(vec.idf_)
print(names[order[:30]])
print(names[order[-30:]])
```

మొదటి ముప్ఫైలో సాధారణ మాటలుండాలి. "ఉంది", "అని", "పంట" లాంటివి అక్కడ కనబడితే పని సవ్యంగా సాగుతున్నట్టే. ఆఖరి ముప్ఫైలో తప్పులూ పేర్లే ఉంటే `min_df=2` ఇవ్వండి, ఒకే డాక్యుమెంటులో ఉన్న మాటలు పోతాయి. దానితోపాటు నిజంగా ఒకే నోటులో ఉన్న మంచి మాట కూడా పోతుంది. ఒకే నోటు ఉన్న అరుదైన తెగులును కూడా పట్టుకోవాలన్నది మీ పని అయితే `min_df` ముట్టుకోకుండా, సంతకాలు, నంబర్లను ముందే శుభ్రం చేయండి.

"మరియు", "ఉంది" లాంటి మాటలను ముందే తీసేయాలా?

log(N/df) వాడుతుంటే అక్కర్లేదు, వాటి బరువు దానంతటదే సున్నా దగ్గరికి పడిపోతుంది. సైకిట్-లెర్న్‌లో మాత్రం ఏ మాట బరువూ 1 కంటే తగ్గదు కాబట్టి `max_df=0.8` ఇవ్వడం మంచిది, 80 శాతానికి మించిన డాక్యుమెంట్లలో ఉన్న మాటలు పోతాయి. తెలుగు మాటల పట్టిక అందులో సిద్ధంగా లేదు, `stop_words="english"` ఇస్తే తెలుగుకు ఏమీ జరగదు.

బీఎం25 వచ్చాక టీఎఫ్-ఐడీఎఫ్ పాతబడినట్టేనా?

బీఎం25 కూడా వెతుకులాటలో డాక్యుమెంట్లకు మార్కులేసే సూత్రమే. అరుదైన మాటకు ఎక్కువ బరువు అన్న సూత్రం అందులో కూడా అలాగే ఉంది. మారింది టీఎఫ్ భాగం. టీఎఫ్-ఐడీఎఫ్‌లో ఒక మాట ఇరవైసార్లు వస్తే ఒకసారి వచ్చినదానికి ఇరవై రెట్లు మార్కులు. బీఎం25లో నాలుగైదు సార్లు దాటాక పెరుగుదల మందగిస్తుంది, ఒక హద్దు దాటదు. పొడవు సర్దుబాటు కూడా లోపలే ఉంటుంది. లూసీన్ సెర్చ్ లైబ్రరీ 2016లో వచ్చిన 6.0 వెర్షన్ నుంచి దీన్నే మామూలు పద్ధతిగా పెట్టుకుంది. వెతుకులాట మాత్రమే మీ పని అయితే బీఎం25 వాడండి. సైకిట్-లెర్న్‌లోనే ఉంటానంటే `sublinear_tf=True` ఇస్తే టీఎఫ్ బదులు 1 + ln(tf) తీసుకుంటుంది, ఇరవైసార్లు వచ్చిన మాటకు దాదాపు 4 మాత్రమే వస్తుంది.

కొత్త నోట్లు వచ్చాయి. మళ్లీ `fit` చేయాలా?

కొత్త నోటుకు మార్కులేయడానికి `transform` చాలు, పాత బరువులే వాడుతుంది. వర్గీకరణలో పరీక్ష కోసం పక్కన పెట్టిన డాక్యుమెంట్ల మీద `fit` అసలు చేయకూడదు. వాటి సమాచారం బరువుల్లోకి చొరబడి ఫలితం ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది.

అయితే `fit` నాడు లేని మాటను `transform` చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. కొత్తగా ఒక పురుగు పేరు నోట్లలోకి వచ్చిందనుకోండి. అన్నిటికంటే అరుదైన, అన్నిటికంటే పనికొచ్చే మాట అదే, కానీ పట్టికలో లేదు కాబట్టి దాని స్కోరు సున్నా. ఆ మాటతో వెతికితే ఏమీ రాదు. దీన్ని కనిపెట్టడానికి ప్రతి కొత్త విడతలోనూ పట్టికలో లేని మాటలు ఎంత శాతం ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోండి. ఆ శాతం విడతవిడతకూ పెరుగుతుంటే పాత, కొత్త నోట్లన్నీ కలిపి మళ్లీ `fit` చేయండి. బరువులన్నీ మారతాయి కాబట్టి ముందు దాచుకున్న స్కోర్లతో కొత్త స్కోర్లను పోల్చకూడదు, పాత నోట్లకు కూడా మళ్లీ వేయాలి.